కత్తి ఎన్ని దెబ్బలకు విరగాలో రాసే ముందు: యువ గేమ్ డిజైనర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోనూ, విశాఖలోనూ, పై చదువుల కోసం వెళ్లిన దేశాల్లోనూ వీడియో గేమ్‌ల తయారీ నేర్చుకుంటూ, చిన్న చిన్న బృందాలుగా తొలి ఆటలు తయారుచేస్తున్న తెలుగు మిత్రులకు,

నమస్కారం.

గత కొంతకాలంగా మీలో కొందరు ఆడి చూసి అభిప్రాయం చెప్పమని పంపిన నమూనాలను శ్రద్ధగా ఆడుతూ వస్తున్నాను. వాటిలో చాలావాటిలో ఒక ఏర్పాటు ఉమ్మడిగా కనిపించింది. ఆటగాడి చేతిలోని కత్తి, గద, బల్లెం కొన్ని దెబ్బల తరువాత విరిగిపోతాయి. ఎందుకు పెట్టారని అడిగితే వచ్చిన సమాధానాలు రెండే. నిజ జీవితంలో వస్తువులు అరిగిపోతాయి కదా అన్నది ఒకటి, జెల్డా ఆటలో ఉంది కదా అన్నది రెండవది. ఈ రెండు సమాధానాలూ సరిపోవని నా అభిప్రాయం. ఎందుకు సరిపోవో, ఆయుధ మన్నిక (మనం వాడుకలో డ్యూరబిలిటీ అనేది) అసలు ఏ పని చేయడానికి ఆటలోకి వస్తుందో వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. మీరు ఆదర్శంగా చూపిస్తున్న 2017 నాటి ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ఆ ఆటలోని అంకెలను అభిమానులు ఫైళ్లలోంచి తవ్వి తీశారు కాబట్టి మనం ఊహల మీద కాక లెక్కల మీద మాట్లాడుకోవచ్చు.

ముందుగా వాస్తవికత మాట. ఆ ఆటలో సైనికుడి ఉక్కు కత్తి, సోల్జర్స్ బ్రాడ్‌సోర్డ్, 23 దెబ్బలకు విరిగిపోతుంది. ఏ కాలంలో, ఏ దేశంలో చేసిన యుద్ధ ఖడ్గమైనా 23 దెబ్బలకు ముక్కలైతే దాన్ని చేసిన కమ్మరి ఊళ్లో తలెత్తుకోలేడు. కాబట్టి నిజ జీవితాన్ని అనుకరించడం ఆ డిజైనర్ల ఉద్దేశం కాదని ఆ ఒక్క అంకెను చూస్తేనే తెలుస్తుంది. అరుగుదల అనేది ఆటగాడికి సులువుగా అర్థమయ్యే ఒక వేషం మాత్రమే. ఆ వేషం వెనుక జరుగుతున్నది రాబడి, ఖర్చుల వ్యవహారం.

ఆ వ్యవహారం ఇలా నడుస్తుంది. ప్రతి ఆయుధానికీ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి దాడి బలం, ఇది తెర మీద కనిపిస్తుంది. రెండవది మన్నిక, ఇది కనిపించదు. గాలిలో ఊపితే మన్నిక తగ్గదు, దేనికైనా తగిలితేనే తగ్గుతుంది. ఆ తగిలింది శత్రువైనా, బండరాయి అయినా, చెట్టయినా సరే. ఒక్కసారి కూడా వాడని ఆయుధం సంచిలో మెరుస్తూ కనిపిస్తుంది. ఇక కొద్ది దెబ్బలే మిగిలినప్పుడు ఆయుధం బాగా దెబ్బతిన్నదన్న హెచ్చరిక వస్తుంది. ఈ రెండు కొసల మధ్య ఎంత మిగిలిందో ఆటగాడికి అంకె రూపంలో ఎక్కడా చెప్పరు. విరిగే ఆ చివరి దెబ్బకు మాత్రం రెట్టింపు బలం ఉంటుంది. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు విరగబోయే కత్తిని దాచుకోకుండా శత్రువు ముఖం మీదకు విసిరేస్తారు. నష్టం జరిగే క్షణాన్నే ఒక చిన్న బహుమతిగా మార్చిన ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. మీ నమూనాల్లో ఇది ఒక్కదానిలోనూ కనిపించలేదు. కత్తి విరగగానే ఒక ఎర్ర సందేశం వచ్చి, ఆటగాడు చేతులు ముడుచుకుని నిలబడిపోతున్నాడు.

ఇప్పుడు దాడి బలాన్నీ మన్నికనూ గుణించి చూడండి. ఆయుధం తన జీవితకాలంలో మొత్తం ఎంత నష్టం కలిగించగలదో ఆ లబ్ధం చెబుతుంది. చెట్టుకొమ్మ దాడి బలం 2, మన్నిక 4, కాబట్టి మొత్తం 8. ఆ ఆటలోని మామూలు శత్రువులైన బోకోబ్లిన్లు పట్టుకు తిరిగే కర్ర గద, బోకో క్లబ్, 4, 8, మొత్తం 32. ట్రావెలర్స్ సోర్డ్ 5, 20, మొత్తం 100. సోల్జర్స్ బ్రాడ్‌సోర్డ్ 14, 23, మొత్తం 322. నైట్స్ బ్రాడ్‌సోర్డ్ 26, 27, మొత్తం 702. రాయల్ బ్రాడ్‌సోర్డ్ 36, 36, మొత్తం 1296. తెర మీద కనిపించే దాడి బలం కొమ్మ నుంచి రాయల్ బ్రాడ్‌సోర్డ్ దాకా 18 రెట్లు పెరిగితే, కనిపించని ఈ మొత్తం 162 రెట్లు పెరిగింది. ఆటగాడు ఆయుధాన్ని చూసేది ఒక వస్తువుగా. డిజైనర్ దాన్ని చూడవలసింది ఖర్చు పెట్టడానికి చేతికిచ్చిన పైకంగా.

ఖర్చు సంగతి చూద్దాం. ఆట మొదట్లో కనిపించే ఎర్ర బోకోబ్లిన్ ప్రాణబలం 13. ముగ్గురు ఎర్ర బోకోబ్లిన్లు, ముగ్గురి చేతుల్లోనూ కర్ర గదలు ఉన్న ఒక చిన్న శిబిరాన్ని ఊహించుకోండి. మీ చేతిలోనూ అలాంటి గదే ఉంది. ఒక్కొక్కడికి నాలుగు దెబ్బలు, ముగ్గురికి పన్నెండు. గద ఎనిమిది దెబ్బలకు విరుగుతుంది కాబట్టి ఈ పోరాటానికి ఒకటిన్నర గద ఖర్చవుతుంది. కానీ పోరాటం ముగిసేసరికి నేల మీద మూడు గదలు పడి ఉంటాయి, పక్కన ఒక పెట్టె కూడా ఉండవచ్చు. అంటే ఖర్చు ఒకటిన్నర, రాబడి మూడు. కొత్త ఆటగాడికి తన ఆయుధం విరిగిందన్న బాధ కలిగినా, శిబిరం వదిలి వెళ్లేటప్పుడు అతని సంచి వచ్చినప్పటికన్నా బరువుగానే ఉంటుంది. మన్నిక ఏర్పాటు బతికి బట్టకట్టేది ఈ మిగులు మీదే.

అదే శిబిరంలో నీలి బోకోబ్లిన్ ఉంటే అతని ప్రాణబలం 72. ట్రావెలర్స్ సోర్డ్‌తో 15 దెబ్బలు పడతాయి, అంటే ఆ కత్తి ఆయుష్షులో మూడు వంతులు ఒక్కడికే సరి. సోల్జర్స్ బ్రాడ్‌సోర్డ్ అయితే ఆరు దెబ్బలు చాలు, ఒక కత్తికి ముగ్గురు లొంగుతారు. శత్రువు రంగు మారినప్పుడు ఆటగాడి చేతిలోని ఆయుధం తరగతి కూడా మారి ఉండాలన్న మాట. దీని కోసం ఆ ఆట లోలోపల ఒక గుప్తమైన పద్దు నడుపుతుంది. మీరు శత్రువులను ఓడించే కొద్దీ ఆ పద్దులో పాయింట్లు చేరుతాయి, పాయింట్లు పెరిగే కొద్దీ ఎర్రవాళ్ల స్థానంలో నీలి, నల్ల, వెండి రంగువాళ్లు వస్తారు. వారితో పాటు దొరికే ఆయుధాల తరగతీ పెరుగుతుంది. ఖర్చు పెంచిన చేయే రాబడినీ పెంచుతుంది. మీలో చాలామంది నకలు చేసుకున్నది విరిగే కత్తిని మాత్రమే, ఈ పద్దును కాదు.

ఇంత శ్రమ ఎందుకు, కత్తులు విరగకుండా ఉంటే పోదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ఆ ఆట ప్రపంచపు ఆకారంలో ఉంది. తొలి పీఠభూమి నుంచి కిందకి దిగగానే ఆటగాడు ఏ దిక్కుకైనా వెళ్లవచ్చు. ధైర్యముంటే నేరుగా చివరి శత్రువు ఉన్న హైరూల్ కోటకే వెళ్లవచ్చు, అడ్డు చెప్పేవారు ఎవరూ లేరు. ఆ కోటలో రాజు కొలువుకు తగిన మేలైన ఆయుధాలు పడి ఉంటాయి. ఒక నేర్పరి ఆటగాడు మొదటి గంటల్లోనే అక్కడికి చొరబడి రాయల్ బ్రాడ్‌సోర్డ్ తెచ్చుకున్నాడనుకోండి. అది ఎప్పటికీ విరగకపోతే, ఆ క్షణం నుంచి మిగతా ప్రపంచంలోని ప్రతి పెట్టె, ప్రతి శిబిరం, ప్రతి సోల్జర్స్ బ్రాడ్‌సోర్డ్ అతనికి చెత్తతో సమానం. దీన్ని తప్పించడానికి డిజైనర్లు మామూలుగా పట్టే దారి కంచెలు కట్టడం: ఫలానా స్థాయి వచ్చేదాకా ఈ కత్తి పట్టుకోలేవు, ఫలానా తాళంచెవి దొరికేదాకా ఈ ద్వారం తెరుచుకోదు అనడం. ఏ దిక్కుకైనా వెళ్లనివ్వాలన్నది ఆట మూలసూత్రమైనప్పుడు కంచెలు పనికిరావు. కాబట్టి ఆ కత్తిని తీసుకోనిచ్చారు, దానితో 1296 నష్టం చేయనిచ్చారు, ఆ తరువాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. దొంగచాటుగా కోటకు వెళ్లినవాడి సాహసానికి ప్రతిఫలం దక్కింది; ఆట సమతూకం ఆ ఒక్క పోరాటం, రెండు పోరాటాల మేరకే చెదిరింది.

రెండవ కారణం ఆటగాడి చేతి అలవాటుకు సంబంధించినది. ఆ ఆట దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, తన సహచరులతో కలిసి 2017 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చేసిన ప్రసంగంలో, వస్తువులూ ప్రకృతీ ఆటగాడి చేష్టలూ ఒకదానితో ఒకటి గుణించుకుని కొత్త పరిష్కారాలు పుట్టే తరహా ఆటను తాము కోరుకున్నామని వివరించారు. లోహపు ఆయుధం ఉరుముల వేళ పిడుగును పిలుస్తుంది. కర్ర ఆయుధానికి నిప్పంటుకుంటుంది. నిద్రపోతున్న బోకోబ్లిన్ పక్కన పెట్టుకున్న ఆయుధాన్ని ముందే కాజేస్తే, లేచాక అతను రాళ్లు ఏరుకుని విసురుతాడు. ఇన్ని దారులున్నా, చేతిలో విరగని మంచి కత్తి ఉన్న మనిషి వాటిలో ఒక్కదాన్నీ ప్రయత్నించడు; ముందుకు వెళ్లి కొడతాడు, అంతే. నేనూ అలాగే ఆడతాను, మీరూ అలాగే ఆడతారు. పోరాటం మధ్యలో కత్తి విరిగిన ఆ రెండు సెకన్లలోనే మనం చుట్టూ చూస్తాం, కొండ అంచున ఉన్న బండరాయి కనబడుతుంది, శత్రువు చేతి నుంచి జారిన బల్లెం కనబడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్తను ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఆటలో రిమోట్ బాంబులు ఎప్పటికీ అయిపోవు. వాటి బలం తక్కువే, ఒకటి పేల్చాక కాసేపు ఆగాలి, అయినా సంచిలోని ఆయుధాలన్నీ విరిగిపోయినవాడు కూడా పూర్తిగా నిస్సహాయుడు కాడు. రాబడి ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా ఏదో ఒక ఆటగాడు ఏదో ఒక మూల సున్నాకు చేరతాడు. ఆ సున్నా కింద నేల ఉండాలి. మీ నమూనాల్లో ఒకదానిలో నేను ఆఖరి కత్తి విరిగాక, తలుపులు మూసుకున్న గదిలో ఇద్దరు శత్రువులతో మిగిలిపోయి, ఆటను ఆపేసి మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఆ ఆటలో అంతా సవ్యంగా ఉందని నేను అంటున్నట్టు అనిపిస్తే అది నా రాతలో లోపం. అందులో లెక్క తప్పిన చోటు ఒకటుంది, దాన్ని అర్థం చేసుకోవడం మీకు దాని విజయాలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆట చివరి దశలో తిరిగే వెండి బోకోబ్లిన్ ప్రాణబలం 720. నైట్స్ బ్రాడ్‌సోర్డ్ మొత్తం 702 అని పైన చూశాం. అంటే ఆ దశలో ఒక నైట్స్ బ్రాడ్‌సోర్డ్‌ను మామూలు దెబ్బలతో పూర్తిగా ఖర్చు పెట్టినా అతి సాధారణ శత్రువు ఒక్కడు దాదాపుగా మాత్రమే పడిపోతాడు. చివరి దెబ్బకున్న రెట్టింపు బలమే అతన్ని పడగొట్టాలి. రాయల్ బ్రాడ్‌సోర్డ్ అయితే 36 దెబ్బల్లో 20 అతనికే పోతాయి. అతి బలమైన శత్రువుల్లో ఒకడైన వెండి లైనెల్ ప్రాణబలం 5000. దాని లెక్క మీరే వేసుకోండి. నిద్రలో ఉన్న శత్రువు వెనుక నుంచి చేసే దాడికి ఎనిమిది రెట్ల బలం ఉంది, బలం పెంచే వంటకాలు ఉన్నాయి, సరైన క్షణంలో పక్కకు తప్పుకుంటే వరుస దెబ్బలు కొట్టే అవకాశం ఉంది. నేర్పు ఉన్నవాడికి ఇవి లెక్కను సరిచేస్తాయి. సగటు ఆటగాడికి మాత్రం వెండి శిబిరం నష్టపు బేరం అయిపోతుంది.

నష్టపు బేరం అని ఆటగాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, అతని కాళ్లే చెబుతాయి. శిబిరం దూరం నుంచి కనబడగానే చుట్టుదారి పట్టి వెళ్లిపోతాడు. రెండవ లక్షణం సంచిలో కనిపిస్తుంది: ఆట మొదట్లో ఎనిమిది ఆయుధాలు పట్టే సంచిని కొరోక్ విత్తనాలతో పెద్దది చేసుకుంటూ వచ్చినవాడు, ఆ సంచి నిండా మెరుస్తున్న మేలైన ఆయుధాలు పెట్టుకుని, అవి పెద్ద శత్రువు కోసమని దాచి, చివరికి ఒక్కటీ వాడకుండానే ఆట ముగిస్తాడు. మా ఇళ్లలో కొత్త చీరలు పెళ్లిళ్ల కోసమని బీరువాలో దాచి, మడతల దగ్గర చిరిగిపోయాక బయటకు తీసినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. మీరు పరీక్షకు కూర్చోబెట్టిన ఆటగాళ్ల సంచులను ఆట చివర తెరిచి చూడండి. వాడని మంచి ఆయుధాలు సగానికి మించి ఉంటే మీ మన్నిక ఏర్పాటు అతనికి ప్రయోగాలు నేర్పలేదు, భయం నేర్పింది.

కథలో ఛాంపియన్లనే వీరుల ఆయుధాల విషయంలో ఈ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జోరా రాకుమారి మీఫా బల్లెం, లైట్‌స్కేల్ ట్రైడెంట్, కథలో ఎంతో బరువున్న కానుక. అది కూడా విరుగుతుంది. మళ్లీ చేయించుకోవాలంటే ఒక జోరా బల్లెం, ఐదు చెకుముకి రాళ్లు, ఒక వజ్రం ఇవ్వాలి. వజ్రాన్ని అమ్ముకుంటే 500 రూపీలు వచ్చే ఆటలో అది చిన్న ధర కాదు. ఫలితంగా చాలామంది ఆ బల్లేన్ని ఇంటి గోడకు తగిలించి మరచిపోతారు. ఇచ్చిన కానుకను వాడితే శిక్ష పడుతుందన్న భావన కలిగించే ఇలాంటి మధ్యేమార్గం మీరు పెట్టవద్దని నా సలహా. అదే ఆటలో మాస్టర్ సోర్డ్‌ను నడిపిన తీరు ఎంతో మేలు. అది విరగదు, దాని శక్తి అయిపోతుంది, పది నిమిషాలు ఆగితే తిరిగి వస్తుంది. ఆటగాడు దాన్ని పోగొట్టుకోలేదు కాబట్టి దాచుకోడు. ప్రతి పది నిమిషాలకూ ఒకసారి నిశ్చింతగా వాడతాడు, మిగతా వేళ ఇతర ఆయుధాలు వాడతాడు. ఒకే అంకెను విరగడం అనే మాట నుంచి విశ్రాంతి అనే మాటకు మార్చడంతో ఆటగాడి ప్రవర్తన ఎంతగా మారిందో గమనించండి.

2023లో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ ఈ లోపాన్ని ఎదుర్కొన్న పద్ధతి నాకు డిజైన్‌లో ఒక గొప్ప పాఠంగా తోస్తుంది. విమర్శలు ఎన్ని వచ్చినా వారు విరగడాన్ని తీసేయలేదు. కథలోనే ఒక ఉపద్రవం తెచ్చి రాజ్యంలోని ఆయుధాలన్నిటినీ తుప్పు పట్టించి, వాటిని మరింత బలహీనం చేశారు. దానికి బదులుగా ఫ్యూజ్ అనే శక్తి ఇచ్చారు: దాదాపు ఏ వస్తువునైనా ఆయుధానికి అతికించవచ్చు. శత్రువు చనిపోయినప్పుడు రాలే కొమ్మును మామూలు కర్రకు అతికిస్తే ఆ కర్ర బలం ఆ కొమ్మును బట్టి పెరుగుతుంది. దీంతో విలువ ఆయుధం నుంచి కొమ్ముకు మారింది. కొమ్ములు ఆయుధాల సంచిలో చోటు తీసుకోవు, కుప్పగా పోగవుతాయి, అతికించేదాకా విరగవు. బలమైన శత్రువు బలమైన కొమ్మునిస్తాడు, కాబట్టి వెండి శత్రువుతో పోరాటానికి అయిన ఖర్చును ఆ శత్రువే తిరిగి చెల్లిస్తాడు. మొదటి ఆటలో చుట్టుదారి పట్టిన మనిషి రెండవ ఆటలో కొమ్ముల కోసం అదే శిబిరంలోకి దిగుతాడు. మన్నిక అంకెల్లో ఎంత సవరణ చేసినా రాని మార్పు, రాబడి ఎక్కడి నుంచి వస్తుందో మార్చడం వల్ల వచ్చింది.

అన్ని ఆటల్లోనూ మన్నిక ఇదే పని చేస్తుందని అనుకోకండి. మైన్‌క్రాఫ్ట్‌లో చెక్క గునపం 59 వాడకాలు, రాతిది 131, ఇనుపది 250, వజ్రానిది 1561 వస్తుంది. అక్కడ అంకె పరికరం మీదే పట్టీగా కనిపిస్తుంది, బాగుచేసుకునే మార్గాలూ ఉన్నాయి. అక్కడ మన్నిక చేసే పని ఆటగాణ్ని మళ్లీ మళ్లీ గనిలోకి పంపడం. రెండు ఆటల్లోనూ వస్తువు విరుగుతుంది కాబట్టి రెండింటి నుంచి సగం సగం తెచ్చి కలిపితే, ఆటగాడికి ప్రయోగాలు చేసే తొందరా ఉండదు, బాగుచేసుకునే తృప్తీ ఉండదు.

ఇక మీ నమూనాల్లో ఒకదాని లెక్కను, పేరు చెప్పకుండా, ఇక్కడ పెడుతున్నాను; తయారుచేసినవారు అనుమతించారు. అందులో కత్తి బలం 10, మన్నిక 25. శత్రువు ప్రాణబలం 60, అంటే ఒక్కొక్కరికి ఆరు దెబ్బలు. శిబిరానికి నలుగురు, అంటే 24 దెబ్బలు, ఇంచుమించు ఒక కత్తి. ప్రతి శత్రువు కత్తి వదిలే అవకాశం ఐదింట ఒకటి, అంటే శిబిరానికి సగటున 0.8 కత్తి. కాగితం మీద చూస్తే లోటు చాలా చిన్నది. కానీ ఆటగాళ్ల దెబ్బల్లో కొన్ని డాళ్ల మీదా గోడల మీదా పడతాయి. నేను ఆడినప్పుడు ప్రతి నాలుగు పనికొచ్చే దెబ్బలకూ ఒకటి వృథా అయింది. అప్పుడు శిబిరానికి 30 దెబ్బలు, అంటే 1.2 కత్తులు ఖర్చు, 0.8 రాబడి, 0.4 లోటు. ఆట మొదట్లో మూడు కత్తులు ఇస్తున్నారు కాబట్టి ఏడో శిబిరమో ఎనిమిదోదో వచ్చేసరికి చేతులు ఖాళీ. బృందం రోజూ పరీక్షించేది మొదటి రెండు శిబిరాలనే కాబట్టి వారికి ఈ లోటు ఏనాడూ కనబడలేదు. ఆడినవారు మాత్రం మధ్యలో విసుగొచ్చి మానేస్తున్నారు. వారు కత్తి మన్నికను 25 నుంచి 40 చేద్దామనుకున్నారు. అలా చేస్తే ఖర్చు 0.75కి దిగి లోటు తీరుతుంది, నిజమే, కానీ కత్తి విరగడం అరుదైపోయి ఆటగాడు చుట్టూ చూసే ఆ క్షణం కూడా పోతుంది. మన్నికను 25 దగ్గరే ఉంచి, ప్రతి శిబిరంలోనూ ఒక కత్తిని కచ్చితంగా కనబడే చోట నాటి, అదృష్టం మీద ఆధారపడిన రాబడిని దానికి అదనంగా ఉంచమని నేను సూచించాను. ఇప్పుడు శిబిరానికి రాబడి 1.8, ఖర్చు 1.2. విరగడం మిగిలింది, భయం తగ్గింది.

సాంకేతికంగా జరిగే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది పెద్దవారికీ తప్పలేదు. 2014లో కంప్యూటర్ల మీదకు వచ్చిన ‘డార్క్ సోల్స్ 2’లో ఆయుధాలు ఆశించినదానికి దాదాపు రెట్టింపు వేగంతో అరిగిపోతున్నట్టు ఆటగాళ్లు గుర్తించారు. కారణం డిజైన్‌లో లేదు. పాత కన్సోళ్ల మీద ఆట సెకనుకు 30 చట్రాల, అంటే ఫ్రేమ్‌ల, చొప్పున నడిచేది. కంప్యూటర్ మీద 60 చొప్పున నడిచింది. అరుగుదల లెక్క చట్రాలతో ముడిపడి ఉంది. దీన్ని 2015లో సరిచేశారు. కత్తి శత్రువు శరీరంలోంచి దూసుకుపోయేటప్పుడు అనేక చట్రాల పాటు తాకుతూనే ఉంటుంది. ఆ తాకిడిని చట్రానికొకసారి లెక్కిస్తే, వేగంగా నడిచే యంత్రం కొనుక్కున్నవాడి కత్తి త్వరగా విరుగుతుంది. కాబట్టి ఒక ఊపులో ఒక్కో శత్రువుకు ఒక్కసారే లెక్కించాలి:

```
if hit and target.id not in swing.already_hit:
    weapon.durability -= 1
    swing.already_hit.add(target.id)
```

కొత్త ఊపు మొదలైనప్పుడు ఆ జాబితాను ఖాళీ చేయడం మరవకండి. మీ ఆటలో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: కదలని ఒక బొమ్మ శత్రువును నిలబెట్టి, ముందు 30 చట్రాల వేగంతో, తరువాత 60తో, కొత్త కత్తి విరిగేదాకా కొట్టి, ఊపులు లెక్కపెట్టండి. రెండుసార్లూ ఒకే సంఖ్య రావాలి.

ఆఖరుగా ఒక విన్నపం, దీన్ని నేను మిగతా అన్నిటికన్నా గట్టిగా చేస్తున్నాను. మీలో చాలామంది ఫోన్ల కోసం, ఉచితంగా ఇచ్చే ఆటలు తయారుచేస్తున్నారు. విరిగే కత్తిని చూడగానే పెట్టుబడి పెట్టేవారికి వచ్చే ఆలోచన, బాగుచేసే సామగ్రిని డబ్బుకు అమ్మవచ్చని. పైన మనం వేసిన లెక్కలన్నీ రాబడి కవాటం డిజైనర్ చేతిలో ఉందన్న నమ్మకం మీద వేసినవి. ఆ కవాటాన్ని దుకాణానికి అప్పగించిన రోజు నుంచి, శిబిరంలో కత్తి నాటడం అమ్మకానికి అడ్డుపడే పని అవుతుంది, 0.4 లోటు సరిచేయవలసిన తప్పుగా కాక కాపాడుకోవలసిన ఆదాయంగా మారుతుంది. ఏడో శిబిరం దగ్గర ఖాళీ చేతులతో నిలబడినవాడికి మీరు కొత్త దారి చూపించరు, ధర చూపిస్తారు. అలాంటి ఒత్తిడి మీ మీద వస్తే విరగడాన్నే పూర్తిగా తీసేయమని కోరుతున్నాను. రెండే కత్తులున్న ఆటలో, ఒకే దారిలో నడిచే ఆటలో, ఆయుధం మారినా పోరాటం తీరు మారని ఆటలో కూడా దాన్ని తీసేయడమే మంచిది. అక్కడ అది చేయవలసిన పని ఏదీ లేదు.

దాన్ని ఉంచాలని నిశ్చయించుకున్నవారు మాత్రం తదుపరి నమూనాతో పాటు ఒక కాగితం జత చేయండి. ఆట మొదటి, నడిమి, చివరి దశల నుంచి ఒక్కో శిబిరాన్ని తీసుకుని, దానికి వృథా దెబ్బలతో సహా ఎన్ని ఆయుధాలు ఖర్చవుతాయో, ఎన్ని తిరిగి వస్తాయో రాయండి. ఆయుధాలన్నీ పోయినవాడి చేతిలో ఏం మిగులుతుందో కింద ఒక వాక్యంలో రాయండి. ఆ కాగితాన్ని ముందు చదివి, ఆ తరువాతే మీ ఆట ఆడతాను.

భవదీయుడు,
మీ నమూనాలను ఆడి చూస్తున్న ఒక గేమ్ డిజైనర్